జర్మన్‌లో ఫోన్ చేసి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం ఎలా: పేరు స్పెల్ చేయడం, మళ్ళీ చెప్పమని అడగడం

జర్మనీకి వచ్చిన కొత్తలో నేను ఒక డాక్టర్ ప్రాక్టీస్‌కి ఫోన్ చేసి, టెర్మీన్ తీసుకుని, ఇచ్చిన రోజున వెళ్ళాను. టెర్మీన్ అంటే అపాయింట్‌మెంట్. ఇక్కడున్న తెలుగువాళ్ళం ఇంట్లో కూడా ఆ మాటే వాడతాం. రిసెప్షన్‌లో ఆవిడ కంప్యూటర్‌లో ఎంత వెతికినా నా పేరు దొరకలేదు. చివరికి దొరికింది, కానీ W కింద. నా ఇంటి పేరు V తో మొదలవుతుంది. ఫోన్‌లో నేను ఇంగ్లీషులో చెప్పినట్టు 'వీ' అన్నాను. ఆవిడ తన భాషలో దానికి దగ్గరగా ఉన్న అక్షరం రాసుకుంది. జర్మన్‌లో W పేరు 'వే'.

జర్మన్ ఫోన్ కాల్‌లో మనవాళ్ళు ఇబ్బంది పడేది చాలాసార్లు వ్యాకరణం దగ్గర కాదు. పేరు, అంకెలు, టైము, ఈ మూడింటి దగ్గరే. డెర్, డీ, డస్ తప్పుగా వాడినా అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారు. పేరులో ఒక్క అక్షరం మారితే మాత్రం మీరు వాళ్ళ లిస్టులో లేనట్టే. అందుకే మామూలు డాక్టర్ దగ్గర, అంటే హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గర, టెర్మీన్ కోసం చేసే ఒక్క కాల్‌నే మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. అది వచ్చాక ఇల్లు చూడటానికి చేసే ఫోనూ, కిండర్‌గార్టెన్‌కి చేసే ఫోనూ ఇదే పద్ధతిలో నడుస్తాయి.

ముందు అక్షరాల పేర్లు నేర్చుకోండి, తెలుగులో

ఇంగ్లీషు ABCD ని పూర్తిగా పక్కన పెట్టండి. జర్మన్ అచ్చులు మన అచ్చులే. A అంటే ఆ, E అంటే ఏ, I అంటే ఈ, O అంటే ఓ, U అంటే ఊ. ఇంగ్లీషు అలవాటుతో చెబితే ఏమవుతుందో చూడండి. మీరు A అనుకుని 'ఏ' అంటారు, వాళ్ళు E రాస్తారు. మీరు E అనుకుని 'ఈ' అంటారు, వాళ్ళు I రాస్తారు. మీరు I అనుకుని 'ఐ' అంటారు, వాళ్ళ చెవికి అది E, I కలిసిన శబ్దం. ఒక్కో అచ్చు పక్క అచ్చు కుర్చీలోకి జరుగుతూ పోతుంది. తెలుగు పేర్ల నిండా అచ్చులే కాబట్టి మనకి ఈ దెబ్బ మరీ ఎక్కువగా తగులుతుంది.

హల్లుల్లో చాలావాటికి 'ఏ' గుణింతమే: B బే, C ట్సే, D డే, G గే, P పే, T టే, W వే. రెండింటికి 'ఆ' గుణింతం: H హా, K కా. F, L, M, N, S మనకి తెలిసినట్టే ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్. R ని ఎర్ అంటారు. Q కూ, X ఇక్స్, Z ట్సెట్.

ఇక మిగిలినవి మూడు. ప్రమాదమంతా వీటిలోనే ఉంది. V అంటే ఫౌ. J అంటే యోట్. Y అంటే ఉప్సిలొన్. ఈ చివరిదాంట్లో మొదటి శబ్దం మన 'ఉ' కాదు. పెదాలు 'ఉ' కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, లోపల 'ఇ' అనండి. అలా రాకపోతే ఇప్సిలొన్ అన్నా అర్థం చేసుకుంటారు. వెంకట, వాణి, జ్యోతి, జయ, యశ్వంత్, ఇలా మన పేర్లలో ఈ మూడు అక్షరాలు లేనివి తక్కువ. మిగతా అక్షరాలు నెమ్మదిగా అలవాటు కావచ్చు గానీ ఫౌ, యోట్, ఉప్సిలొన్ మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి.

మీ పేరుకి ఒక కాగితం తయారు చేసుకోండి

మీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు తీసి ముందు పెట్టుకోండి. దాని మీద పేరు ఎలా ఉంటే అలాగే స్పెల్ చేయాలి. వాడుకలో పిలిచే పేరు, ఆఫీసులో పెట్టుకున్న పొట్టి పేరు ఇక్కడ పనికిరావు. ఇంకో సంగతి, జర్మనీలో ముందు అడిగేది నాఖ్‌నామె, అంటే ఇంటి పేరు. మనకి ఎవరైనా పేరు అడగ్గానే సొంత పేరు నోటికొస్తుంది. ఆవిడ దాన్నే ఇంటి పేరుగా ఎక్కించేస్తుంది. సొంత పేరుని ఫోర్‌నామె అంటారు, దాన్ని తర్వాత విడిగా అడుగుతారు.

పోయిన ఏడాది కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ఫోన్ చేయించాను. అసలు పేరు వద్దు, ఇక్కడికి కీర్తి వఝల అనుకుందాం. అలాంటి పేరుకి కాగితం ఇలా ఉంటుంది:

```
Nachname: VAJJHALA
ఫౌ - ఆ - యోట్ - యోట్ - హా - ఆ - ఎల్ - ఆ

Vorname: KEERTHI
కా - డొప్పెల్ ఏ - ఎర్ - టే - హా - ఈ
```

ఒకే అక్షరం రెండుసార్లు వస్తే 'డొప్పెల్' అంటారు. EE అయితే డొప్పెల్ ఏ. JJ లాంటివి జర్మన్ పేర్లలో కనిపించవు కాబట్టి ఆవిడ నమ్మకపోవచ్చు. అక్కడ 'ట్స్వైమాల్ యోట్', రెండుసార్లు యోట్, అని నొక్కి చెప్పండి.

రాజేశ్, శిరీష లాంటి పేర్లున్నవాళ్ళకి ఇంకొకటి. 'ష' శబ్దం వినగానే జర్మన్ల చెయ్యి దానంతటదే SCH రాసేస్తుంది. కాబట్టి 'ఎస్, హా' అని చెప్పి, వెంటనే 'ఓనె ట్సే' అనండి. C లేకుండా అని అర్థం. ఈ ఒక్క ముక్క చెబితే ఆ పేరు తప్పుపోవడం చాలావరకు ఆగిపోతుంది.

అక్షరం తెలిసినా వినపడకపోతే

ఫోన్‌లో బే, డే, గే, పే, టే, వే అన్నీ ఒక్కలాగే వినపడతాయి. ఎమ్, ఎన్ సంగతీ అంతే. అందుకు జర్మన్లు ప్రతి అక్షరానికీ ఒక పేరు జత చేస్తారు: 'ఎమ్ వీ మార్తా'. మార్తాలో ఉన్న M అని. 'వీ' అంటే 'లాగా' అని అర్థం. పాత పట్టికలో ఎక్కువగా మనుషుల పేర్లే: అంటోన్, బెర్టా, డోరా, ఏమిల్, గుస్టాఫ్, హైన్‌రిష్, యూలియుస్, లుడ్‌విష్, పౌలా, రిషార్ట్, టేయోడోర్, విక్టోర్, విల్‌హెల్మ్. N కి మాత్రం మనిషి పేరు కాదు, నోర్ట్‌పోల్, ఉత్తర ధ్రువం. అక్కడ మొదట నాథన్ ఉండేది. 1934లో నాజీ ప్రభుత్వం ఆ పట్టికలోంచి యూదుల పేర్లు తీయించింది. D దగ్గర డేవిడ్ పోయి డోరా వచ్చిందీ అప్పుడే. యుద్ధం తర్వాత కూడా ఆ మార్పులు పూర్తిగా వెనక్కి పోలేదు. 2022లో జర్మన్ ప్రమాణాల సంస్థ ఆఫీసుల వాడుకకి కొత్త పట్టిక ఇచ్చింది. అందులో పేర్ల బదులు ఊళ్ళు ఉన్నాయి: ఆఖెన్, బెర్లీన్, డ్యుసెల్‌డోర్ఫ్, ఎస్సెన్, హంబుర్గ్, యేనా, లైప్‌ట్సిగ్.

రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా పాత పేర్లే వాడుతుంటారు. మీరు ఏది వాడినా, రెండూ కలిపినా ఎవరూ తప్పు పట్టరు. పట్టిక మొత్తం బట్టీ పట్టకండి. మీ పేరులో గందరగోళం వచ్చే రెండు మూడు అక్షరాలకి మాత్రం ఒక్కో మాట ఎంచుకోండి. మన కీర్తి మూడే ఎంచుకుంది: 'ఫౌ వీ విక్టోర్', 'యోట్ వీ యూలియుస్', 'ఏ వీ ఏమిల్'. మిగతావి ఉత్త అక్షరాలుగానే చెప్పింది. ఎనిమిది అక్షరాల పేరుకి ఎనిమిది మాటలు తగిలిస్తే అవతలి మనిషి మధ్యలోనే తప్పిపోతుంది.

మూడేసి అక్షరాలుగా చెప్పి ఆగండి. అవతల కీబోర్డు చప్పుడు వినపడుతుంది, అది ఆగాక తర్వాతి మూడు చెప్పండి. ఆవిడ తిరిగి చదివితే జాగ్రత్తగా వినండి. సరిగ్గా ఉంటే 'గెనౌ' అనండి. తప్పయితే 'నైన్, నిష్ట్ ఈ, జొండెర్న్ ఏ. ఏ వీ ఏమిల్', ఈ కాదండీ ఏ, అని ఆ ఒక్క అక్షరం దగ్గరే సరిచేయండి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టకండి.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. ఎవరైనా మాట్లాడుతుంటే మనం 'ఆఁ... ఆఁ...' అంటూ వింటాం. ఆవిడ అక్షరాలు చదువుతుండగా మీరు 'ఆఁ' అంటే అది ఇంకో A లాగా వినపడుతుంది. ఆవిడ చదివినంతసేపూ ఏమీ అనకుండా వినండి.

అసలు కాల్

కాగితం మీద ఇంకో మూడు విషయాలు రాసుకోండి: పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ సంస్థ పేరు, ఒంట్లో ఏం బాగాలేదో ఒక్క వాక్యంలో. పక్కన మీ క్యాలెండర్ తెరిచి ఉంచండి. సోమవారం పొద్దున్నే చేస్తే లైను దొరకడం కష్టం, శని ఆదివారాల్లో జబ్బుపడ్డవాళ్ళంతా అప్పుడే చేస్తారు. బుధవారం మధ్యాహ్నం చాలా ప్రాక్టీసులు మూసి ఉంటాయి.

అవతల ఫోన్ ఎత్తగానే హలో అనరు, ప్రాక్టీస్ పేరు చెబుతారు. మీరు కూడా ముందు మీ పేరు చెప్పాలి. పేరు చెప్పకుండా నేరుగా పనిలోకి దిగడం ఇక్కడ మర్యాద కాదు. కీర్తి కాల్ ఇలా మొదలైంది:

"గూటెన్ మోర్గెన్, మైన్ నామె ఇస్ట్ వఝల. ఇష్ హెట్టె గెర్న్ ఐనెన్ టెర్మీన్." (నమస్కారమండీ, నా పేరు వఝల. నాకొక అపాయింట్‌మెంట్ కావాలండీ.)

'ఇష్ హెట్టె గెర్న్' లోనే ఆ 'అండీ' ఉంది. 'ఇష్ విల్' అంటే 'నాకు కావాలి' అని గద్దించినట్టు ఉంటుంది.

"వారెన్ జీ షోన్ మాల్ బై ఉన్స్?" (ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారా?)

"నైన్, నోఖ్ నిష్ట్." (లేదండీ, ఇంకా రాలేదు.)

"డన్ బూఖ్‌ష్టాబీరెన్ జీ బిట్టె మాల్ ఈరెన్ నాఖ్‌నామెన్." 

ఆ పొడుగాటి మాట, బూఖ్‌ష్టాబీరెన్, అంటే స్పెల్ చేయడం. అది చెవిన పడగానే కాగితం చూసి చదవడమే. కీర్తి చదివింది, ఆవిడ తిరిగి చదివింది, రెండో J దగ్గర ఆగింది. "ట్స్వైమాల్ యోట్?" "యా, గెనౌ."

తర్వాత గెబుర్ట్స్‌డాటుమ్, పుట్టిన తేదీ. జర్మన్‌లో తేదీ చెప్పే పద్ధతి వేరే ఉంది గానీ, మొదట్లో అంకెలు విడివిడిగా చెబితే చాలు. 14-03-1999 అయితే 'ఐన్స్ ఫీర్, నుల్ డ్రై, ఐన్స్ నోయిన్ నోయిన్ నోయిన్'. ఆ తర్వాత "వోరుమ్ గేట్ ఎస్?", దేని గురించి అని అడుగుతారు. "ఇష్ హాబె జైట్ ట్స్వై వోఖెన్ బౌఖ్‌ష్మెర్ట్సెన్", రెండు వారాలుగా కడుపునొప్పి. అక్కడితో ఆపేయండి, మిగతా కథ డాక్టర్‌కి చెప్పొచ్చు.

అప్పుడు ఆవిడ గబగబా ఒక పెద్ద వాక్యం చెప్పింది. కీర్తికి అందులో ఒక్క మాటే దొరికింది, డొన్నెర్స్‌టాక్, గురువారం. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగి, "అక్కా, ఏమందో అర్థం కాలేదు, యా అనేయనా?" అంది.

అనకూడదు. అర్థం కాకపోయినా 'యా యా' అనేసి పెట్టేస్తే, ఎప్పుడో తెలియని టెర్మీన్ ఒకటి మీ పేరున ఉండిపోతుంది.

మళ్ళీ చెప్పమని అడగడం

'వస్?' అనకండి. మన 'ఏంటీ?' లాంటిది అది. 'వీ బిట్టె?' అనండి, 'ఏమన్నారండీ?' అన్నట్టు. కానీ 'వీ బిట్టె' తో ఒక చిక్కుంది. ఆవిడ అదే వాక్యాన్ని అదే వేగంతో మళ్ళీ చెబుతుంది. అందుకని మీకు ఏది అందలేదో ముందు మీరే తేల్చుకోవాలి.

శబ్దమే సరిగ్గా వినపడలేదా? అయితే "ఎంట్‌షుల్డిగుంగ్, ఇష్ హాబె జీ అకుస్టిష్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్" అనండి. మీ మాట చెవికి అందలేదండీ అని. ఈ 'అకుస్టిష్' అనే మాట జర్మన్లు తమలో తాము కూడా వాడుకుంటారు. అది లేకుండా ఉత్త 'నిష్ట్ ఫెర్‌ష్టాండెన్' అంటే ఆవిడ మీకు భావం అర్థం కాలేదేమో అనుకుని, ఇంకా పొడుగ్గా, ఇంకో రకంగా వివరించడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు మీ పని ఇంకా కష్టమవుతుంది.

వేగం ఎక్కువైందా? "క్యొన్‌టెన్ జీ బిట్టె ఎట్‌వస్ లంగ్‌జామెర్ ష్ప్రెషెన్?" కొంచెం నెమ్మదిగా మాట్లాడతారా అని.

ఒక మాటకి అర్థం తెలియలేదా? ఆ మాటనే పట్టుకుని "వస్ బెడోయ్‌టెట్..." అని చివర ఆ మాట చేర్చండి. డాక్టర్ ఫోన్‌లో ఇలా తగిలే మాట యూబెర్‌వైజుంగ్. బ్యాంకులో దానికి డబ్బు పంపడం అని అర్థం. డాక్టర్ల దగ్గర అదే మాటకి, ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ దగ్గరికి పంపుతూ ఇచ్చే చీటీ అని అర్థం. స్పెషలిస్ట్ ప్రాక్టీస్‌కి ఫోన్ చేసి 'యూబెర్‌వైజుంగ్ ఉందా' అనగానే ముందే డబ్బు కట్టాలేమో అని కంగారు పడ్డవాళ్ళు నాకు తెలుసు.

అన్నిటికంటే బాగా పనిచేసేది మాత్రం ఇది: అర్థమైంది చెప్పి, దొరకనిదాన్ని మాత్రం అడగడం. కీర్తి చేత అదే అనిపించాను. 

"ఎంట్‌షుల్డిగుంగ్. డొన్నెర్స్‌టాక్ హాబె ఇష్ ఫెర్‌ష్టాండెన్. ఉమ్ వీ ఫీల్ ఊర్?" (క్షమించండి. గురువారం అన్నది అర్థమైంది. ఎన్నింటికి?)

"ఉమ్ హల్ప్ అఖ్ట్."

ప్రశ్న చిన్నది కాబట్టి జవాబూ చిన్నగానే వచ్చింది. ఈసారి వినడం తేలిక, కానీ ఉచ్చు ఇక్కడే ఉంది. హల్ప్ అంటే సగం, అఖ్ట్ అంటే ఎనిమిది. మన 'ఎనిమిదిన్నర' లెక్కలో వింటే 8:30 అనిపిస్తుంది. కాదు, ఎనిమిదికి సగం దూరంలో ఉన్నాం, అంటే 7:30. నేనుండే లైప్‌ట్సిగ్ వైపు 'ఫిర్టెల్ అఖ్ట్' అని కూడా అంటారు, అది 7:15. 'డ్రై-ఫిర్టెల్ అఖ్ట్' 7:45. వీటిలో ఏది విన్నా, గంటలూ నిమిషాలుగా మార్చి తిరిగి అడగండి.

"అల్జో, జీబెన్ ఊర్ డ్రైసిష్?" (అంటే ఏడూ ముప్ఫైకి కదండీ?)

"గెనౌ."

తేదీ దగ్గరా ఇదే పద్ధతి. ఆవిడ 'జీబ్‌ట్సేన్‌టెన్' అంది, పదిహేడో తేదీ. అనుమానంగా ఉంటే అంకెలు విడదీసి అడగండి, "ఐన్స్, జీబెన్?" అని. పన్నెండు పైన అంకెలు చాలావరకు తిరగేసి చెబుతారు కాబట్టి ఇది చాలా అవసరం. 47ని 'జీబెన్-ఉంట్-ఫిర్‌ట్సిష్', ఏడూ-నలభై అంటారు. ఏడు వినగానే ఏడు రాసేస్తే ఫోన్ నంబర్ తారుమారవుతుంది. నంబర్ చెబుతుంటే "బిట్టె ఐన్‌ట్సెల్న్", విడివిడిగా చెప్పండి, అనండి. వాళ్ళకీ ఈ ఇబ్బంది తెలుసు. ఫోన్‌లో ట్స్వై, డ్రై కలిసిపోతాయని రెండుకి 'ట్స్వో' అంటారు. జూన్, జులై నెలలు కలవకుండా యూనీని 'యూనో' అనీ యూలీని 'యూలై' అనీ అంటారు. ఇవి ఏ తరగతిలోనూ చెప్పరు గానీ మొదటి వారంలోనే చెవిన పడతాయి.

ఒక హెచ్చరిక. తర్వాత విందామని కాల్ రికార్డ్ చేయకండి. అవతలివాళ్ళ అనుమతి లేకుండా మాటలు రికార్డ్ చేయడం జర్మనీలో నేరం, శిక్షాస్మృతి 201వ సెక్షన్ కింద వస్తుంది. చేతిలో పెన్ను ఉంటే చాలు.

పెట్టేసే ముందు

మొత్తం ఒకసారి తిరిగి చదవండి. "ఇష్ వీడెర్‌హోలె: డొన్నెర్స్‌టాక్, డెర్ జీబ్‌ట్సేన్‌టె, జీబెన్ ఊర్ డ్రైసిష్. రిష్టిష్?" ఎక్కడైనా తప్పుంటే ఆవిడే ఇక్కడ పట్టుకుంటుంది. నన్నడిగితే కాల్ మొత్తంలో వదలకూడని వాక్యం ఇదే.

ఫోన్‌లో సాధారణంగా 'ఔఫ్ వీడెర్‌జేన్' అనరు, దానికి మళ్ళీ చూద్దాం అని అర్థం. 'ఔఫ్ వీడెర్‌హ్యోరెన్' అంటారు, మళ్ళీ విందాం అని. ముందు 'ఫీలెన్ డంక్' చెప్పి ఇది అనండి.

ఎవరూ ఎత్తకుండా మెషీన్ వస్తే బీప్ తర్వాత మీ పేరు చెప్పి, స్పెల్ చేసి, ఫోన్ నంబర్ అంకె అంకెగా రెండుసార్లు చెప్పి, "ఇష్ బిట్టె ఉమ్ ర్యుక్‌రూఫ్", తిరిగి ఫోన్ చేయగలరు, అని ముగించండి. వాళ్ళు తిరిగి చేసినప్పుడు ఆ కాగితం దగ్గర్లోనే ఉండాలి.

గురువారం పొద్దున కీర్తి 7:20కే వెళ్ళి కూర్చుంది. పేరు వెంటనే దొరికింది. కాసేపటికి తలుపు తెరుచుకుని ఎవరో "ఫ్రౌ ఫయ్యాలా?" అని పిలిచారు. V ని ఫ గా, J ని య గా చదివితే వఝల అలాగే అవుతుంది. మీ పేరు కూడా ఒకసారి అలా చదివి చూసుకుని వెళ్ళండి, లేకపోతే మిమ్మల్నే పిలిచినా మీకు తెలియదు. కీర్తితో ముందు రోజే చెప్పి ఉంచాను కాబట్టి వెంటనే లేచి లోపలికి వెళ్ళింది.